స్ప్లిట్ ఏసీ ఫిల్టర్లు ఇంట్లోనే కడిగి ఆరబెట్టడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫిల్టర్ కడగడం చాలామందికి వచ్చిన పనే. తేడా వచ్చేది రెండు చోట్ల: నీళ్లు ఏ వైపు నుంచి పట్టాలన్న దగ్గర, ఎంతవరకు ఆరనివ్వాలన్న దగ్గర. అందుకే ఆ రెండింటి గురించి కాస్త ఎక్కువగా, మిగతావాటి గురించి అవసరమైనంత వరకే చెప్పాను.

ఏసీలో ఏ ఫిల్టర్ గురించి ఈ మాట? అన్నీ కడగొచ్చా?

ఇండోర్ యూనిట్ ముందు ప్యానెల్ ఎత్తగానే కనిపించే పెద్ద జాలీల గురించి. సన్నటి ప్లాస్టిక్ దారాలతో అల్లిన వల, దాని చుట్టూ పలచటి ప్లాస్టిక్ చట్రం ఉంటాయి. మామూలుగా ఎడమ పక్క ఒకటి, కుడి పక్క ఒకటి ఉంటాయి. కొన్ని కొత్త మోడళ్లలో ప్యానెల్ తెరవక్కర్లేదు, యూనిట్ పైభాగం నుంచే జాలీని పైకి లాగేయొచ్చు.

ఈ జాలీకి వెనకో ముందో చిన్న పట్టీల్లాంటి అదనపు ఫిల్టర్లు తగిలించి ఉంటే వాటిని ముందు విడదీయండి. నల్లగా ఉండే కార్బన్ పట్టీలు, మడతలు మడతలుగా ఉండే సన్న దుమ్ము ఫిల్టర్లు చాలావరకు నీళ్లు తగిలితే పనికిరాకుండా పోతాయి. మీ మోడల్ మాన్యువల్‌లో కడగొచ్చని స్పష్టంగా రాసి ఉంటే తప్ప వాటిని తడపకండి.

కడగాల్సిన టైమ్ వచ్చిందని ఎలా తెలుస్తుంది?

రోజూ గంటల తరబడి ఏసీ నడిచే ఇంట్లో రెండు వారాలకోసారి చూసుకోవడం మంచిది. చూసుకోమన్నానే గానీ, ప్రతిసారీ కడగమని కాదు. జాలీని తీసి కిటికీ వైపు పట్టుకోండి. వెలుతురు సమంగా దాటుతుంటే దులిపి మళ్లీ పెట్టేయొచ్చు. వల మీద బూడిద రంగు పొర పరుచుకుని గళ్లు కనిపించకపోతే కడగాల్సిందే. ఇంట్లో పెంపుడు జంతువులున్నా, వీధి దుమ్ము నేరుగా లోపలికి వస్తున్నా, పక్కనే వంటగది ఉన్నా ఆ పొర త్వరగా కడుతుంది.

తీసి చూడకుండానే తెలిసే గుర్తులు కూడా కొన్ని ఉన్నాయి. ఫ్యాన్ వేగం ఎక్కువలో పెట్టినా గాలి మంచం దాకా రాదు. యూనిట్ దగ్గర చెయ్యి పెడితే గాలి చల్లగానే తగులుతుంది గానీ గది చల్లబడడానికి మునుపటి కంటే ఎక్కువసేపు పడుతుంది. ఇలా ఉన్నప్పుడు గ్యాస్ తగ్గిందని అనుకునే ముందు ఫిల్టర్ తీసి చూడండి.

రిమోట్‌తో ఆపేస్తే చాలదా? స్విచ్ కూడా కట్టేయాలా?

కట్టేయాలి. రిమోట్‌తో ఆపాక గాలి వదిలే ఫ్లాప్ పూర్తిగా మూసుకునేదాకా ఆగి, తర్వాత ఏసీ స్విచ్ లేదా ఎంసీబీ దించండి. కొన్ని ఏసీలు ఆపాక కూడా లోపలి తడి ఆరడానికి కొన్ని నిమిషాలు ఫ్యాన్ తిప్పుతాయి. అది కూడా అయిపోనివ్వండి. ప్యానెల్ ఎత్తాక చెయ్యి కరెంటు భాగాలకు దగ్గరగా ఉంటుంది, పైగా టైమర్ పెట్టి ఉంటే మీరు స్టూల్ మీద ఉండగానే ఏసీ ఆన్ కావచ్చు. ఆ స్టూల్ ఊగనిదై ఉండాలి, చక్రాల కుర్చీ మాత్రం వద్దు.

జాలీ లాగుతుంటే దుమ్మంతా మొహాన పడుతోంది. ఎలా తీయాలి?

లాగే ముందు కింద మంచం, టేబుల్ ఏమైనా ఉంటే పాత దుప్పటి కప్పండి. ముక్కుకు మాస్కు కట్టుకోండి. ప్యానెల్‌ను రెండు పక్కలా ఉన్న నొక్కుల దగ్గర పట్టుకుని సమంగా పైకి ఎత్తండి. కొంత ఎత్తుకు వెళ్లాక టక్కుమని ఆగి, దానంతట అదే నిలబడుతుంది. ఒక పక్కనే పట్టి ఎత్తితే రెండో పక్క కీలు విరిగే ప్రమాదం ఉంది.

జాలీ కింది అంచున చిన్న పట్టు ఉంటుంది. నేరుగా కిందికి లాగితే రాదు. ముందు కొద్దిగా పైకి నెట్టి కొక్కెం విడిపించాక, మీ వైపుకు వంచుతూ మెల్లగా కిందికి జార్చాలి. దుమ్ము రాలేది గబుక్కున లాగినప్పుడే. జాలీ వెనక కనిపించేది గాలిని చల్లబరిచే కాయిల్, దాని అల్యూమినియం రేకుల అంచులు బ్లేడుల్లా ఉంటాయి, తగిలితే వేలు తెగుతుంది, రేకులూ వంగుతాయి. వాటిని ముట్టుకోకండి.

ముందు దులపాలా, నేరుగా కుళాయి కింద పెట్టేయొచ్చా?

ముందు పొడి దుమ్ము పోవాలి. వ్యాక్యూమ్ క్లీనర్ ఉంటే మెత్తటి బ్రష్ తగిలించి, దుమ్ము కనిపించే వైపు మీదుగా లాగండి. లేకపోతే జాలీని ఇంటి బయటికి తీసుకెళ్లి, ఆ ముఖం కిందికి ఉండేలా పట్టుకుని చట్రాన్ని అరచేత్తో నెమ్మదిగా తట్టండి. పొడిగా ఉన్నప్పుడు ఈ దుమ్ము దూదిలా పొరపొరగా ఊడి వస్తుంది. నీళ్లు తగిలితే అదే దుమ్ము బంకమట్టిలా మారి దారాల కూడళ్లలో అతుక్కుంటుంది. దులపకుండా తడిపిన జాలీకి ఇంకో పావుగంట పని ఎక్కువ.

నీళ్లు ఏ వైపు నుంచి పట్టాలి?

వెనక వైపు నుంచి, అంటే శుభ్రంగా కనిపించే వైపు నుంచి. ఏసీ నడుస్తున్నప్పుడు గదిలోని గాలి జాలీ ముందు ముఖం నుంచి లోపలికి పోతుంది కాబట్టి దుమ్మంతా ఆ ముందు ముఖం మీదే కూర్చుంటుంది. నీళ్లు కూడా అటు నుంచే కొడితే గాలి సగం లోపలికి నెట్టిన దుమ్మును మనం మిగతా సగం నెట్టినట్టవుతుంది. గళ్లలో బిగుసుకుపోయాక అది బ్రష్‌కూ అందదు. వెనక నుంచి పడితే వచ్చిన దారినే ఊడిపోతుంది.

ఇది కళ్లారా చూడొచ్చు. దుమ్ము ముఖం కిందికి తిప్పి, జాలీని కొంచెం ఏటవాలుగా పట్టుకుని, వెనక నుంచి సన్నటి ధార పోయండి. మొదటి కొన్ని క్షణాలు నీళ్లు గళ్లు దాటలేక పైనే పారుతాయి. తర్వాత ఒక చోట దారి చేసుకుంటాయి, ఆ చోటు చుట్టూ ఉన్న దుమ్ము పొర చాపలా లేచి కింద పడుతుంది. ధారను మెల్లగా పక్కకు జరుపుకుంటూ వెళ్తే చాలు, రుద్దాల్సిన అవసరం అంతగా రాదు. ఒత్తిడితో నీళ్లు చిమ్మే పంపులు మాత్రం వాడొద్దు. వల చట్రం నుంచి ఊడిపోతుంది, లేదా వదులై పొట్టలా ఉబ్బుతుంది.

ఎటు ముందో ఎటు వెనకో బయటికి తీశాక మర్చిపోతే దుమ్మే గుర్తు. మందంగా పేరుకున్న వైపు ముందు. దులిపేశాక ఆ తేడా తెలియదు కాబట్టి తీసిన వెంటనే చూసి పెట్టుకోండి, లేదా ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి.

సబ్బు వాడొచ్చా? వేడి నీళ్లు?

మామూలు దుమ్ముకు ఉత్త నీళ్లు చాలు. నీళ్లు చన్నీళ్లు గానీ గోరువెచ్చనివి గానీ అయి ఉండాలి, 40 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు. అంతకంటే వేడైతే చట్రం మెలితిరుగుతుంది. ఒకసారి మెలితిరిగిన చట్రం గాడిలో సరిగ్గా కూర్చోదు.

వేలితో రాస్తే జిగటగా ఉంటే అది వంట నూనె ఆవిరి పట్టిన జాలీ. గిన్నెలు తోమే లిక్విడ్ కొన్ని చుక్కలు ఒక టబ్బు నీళ్లలో కలిపి, పది పదిహేను నిమిషాలు నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో పైపైన రుద్దండి. తర్వాత నురుగు పూర్తిగా పోయేదాకా కడగాలి. సబ్బు పొర మిగిలితే ఆరాక కూడా జిగురుగానే ఉంటుంది, దాని మీద కొత్త దుమ్ము ఇంకా త్వరగా అంటుకుంటుంది. బ్లీచింగ్, యాసిడ్, పెట్రోలు, థిన్నర్, పీచు స్క్రబ్బర్ ఇవేవీ వద్దు. వాషింగ్ మెషీన్‌లోనూ వేయకండి.

ఎండలో పెడితే త్వరగా ఆరుతుంది కదా, ఎందుకు వద్దంటారు?

త్వరగా ఆరుతుంది, నిజమే. కానీ ఈ చట్రం చాలా పలచటి ప్లాస్టిక్. గట్టి ఎండకు ఒక పక్క వేడెక్కి వంగుతుంది. పదే పదే ఎండలో పెడుతుంటే ప్లాస్టిక్ పెళుసుబారి, ఏదో ఒక రోజు తిరిగి గాడిలోకి నెట్టేటప్పుడు మూల చిట్లుతుంది. హెయిర్ డ్రయ్యర్, రూమ్ హీటర్, పొయ్యి సెగ కూడా అంతే. జాలీ ఆరడానికి వేడి కంటే కదిలే గాలి ముఖ్యం. నీడపట్టున, గాలి ఆడే చోట పెట్టండి.

పెట్టే తీరు కూడా చూడాలి. నేల మీద పరిచేస్తే కింది ముఖానికి గాలి తగలదు, అక్కడ తడి అలాగే ఉంటుంది. గోడకు ఏటవాలుగా, ఒక మూల కిందికి ఉండేలా నిలబెట్టండి. నీళ్లన్నీ ఆ మూలకు చేరి కారిపోతాయి. రెండు ముఖాలకూ గాలి తగులుతుంది. క్లిప్పులతో తీగకు వేలాడదీసినా బాగానే ఉంటుంది గానీ క్లిప్పు చట్రానికి పెట్టాలి, వలకు కాదు.

ఎంతసేపు ఆరబెట్టాలి? పూర్తిగా ఆరిందని ఎలా తెలుస్తుంది?

ఇన్ని గంటలని లెక్క చెప్పడం కుదరదు, అది గాలిలోని తేమను బట్టి ఉంటుంది. పొడి వాతావరణంలో ఫ్యాన్ కింద గంటా రెండు గంటల్లో ఆరుతుంది. ముసురు పట్టిన రోజున ఫ్యాన్ లేకుండా వదిలేస్తే రాత్రంతా ఉంచినా చట్రం మూలల్లో చెమ్మ మిగలొచ్చు. గడియారం కాకుండా జాలీనే చూడాలి.

ముందు వలను చూడండి. తడిసిన వలలో నీళ్లు చుక్కలుగా మాత్రమే ఉండవు, ఒక్కో గడిలో సన్నటి పొరలా సాగి నిలబడతాయి. కంటికి వల ఖాళీగానే అనిపిస్తుంది. వెలుతురుకు అడ్డంగా పట్టి కాస్త వంచి చూస్తే ఆ గళ్లు అద్దం పెంకుల్లా తళుక్కుమంటాయి. గాలిని ఆపడంలో ఆ నీటి పొర దుమ్ముకేమీ తీసిపోదు. కడిగిన వెంటనే జాలీని రెండు చేతులతో పట్టుకుని విదిలించి, పొడి తువ్వాలు మీద రెండు మూడు సార్లు తట్టితే ఈ పొరలు చాలావరకు పగిలిపోతాయి, ఆరడానికి పట్టే సమయం బాగా తగ్గుతుంది. తువ్వాలుతో రుద్దకండి, దాని నూగు గళ్లలో ఇరుక్కుంటుంది.

వల ఆరిపోయింది కదా అని అక్కడితో ఆపకండి. ఆఖరున ఆరేది చట్రం. వల చట్రంలోకి దిగే అంచు, అడ్డపట్టీల వెనక సందు, కొక్కేల గుంటలు, ఈ మూడు చోట్లా నీళ్లు దాక్కుంటాయి. ఒక టిష్యూ కాగితాన్ని మడిచి దాని అంచును ఆ సందుల వెంట నడిపించండి. కాగితం మీద తడి మచ్చ పడకపోతే ఆరినట్టే.

కొంచెం చెమ్మ ఉండగానే పెట్టేస్తే ఏసీ పాడవుతుందా?

ఒక్కసారికే పాడైపోదు. ఏసీ నడుస్తున్నప్పుడు కాయిల్ మీద ఎలాగూ నీళ్లు పడుతూనే ఉంటాయి, నాలుగు చుక్కలు తగిలితే కొంప మునగదు. నష్టం వేరే చోట ఉంది. తడి దారాలకు తగిలిన దుమ్ము పైపైన కూర్చోదు, అతుక్కుని గట్టిపడుతుంది. రెండు వారాలకు జాలీ తీస్తే దూది పొరకు బదులు అంచుల వెంట బూడిద రంగు చారలు కనిపిస్తాయి. అవి దులిపితే పోవు. పెట్టేసి ఏసీ వేయకుండా వదిలేశారంటే ఇంకా కష్టం. గాలి ఆడని చోట చెమ్మ, దుమ్ము కలిస్తే బూజు పడుతుంది, మళ్లీ ఆన్ చేయగానే ముక్కవాసన వస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. సాయంత్రం జాలీలు కడిగారు, రెండుసార్లు విదిలించి వెంటనే పెట్టేశారు. 24 డిగ్రీలు, తక్కువ ఫ్యాన్ వేగంలో ఏసీ వేశారు. కాసేపటికి ఫ్లాప్ అంచు నుంచి నాలుగైదు చుక్కలు మంచం మీద పడ్డాయి, గాలి కూడా కడగక ముందు ఎంత వచ్చేదో అంతే వస్తోంది. చూసినవాళ్లకు డ్రెయిన్ పైపు మూసుకుపోయిందన్న అనుమానం రావడం సహజం. స్విచ్ కట్టేసి ప్యానెల్ ఎత్తితే వల మధ్యలో పొడిగానే ఉంది, కింది అంచున మాత్రం రెండు వేళ్ల వెడల్పున గళ్లన్నీ మెరుస్తున్నాయి. పైనుంచి దిగిన నీళ్లన్నీ అక్కడ చేరాయన్నమాట. మందు సులువే: తీసి, తువ్వాలు మీద తట్టి, ఫ్యాన్ ముందు ఏటవాలుగా నిలబెట్టి, టిష్యూకు తడి అంటనంత వరకు ఆరబెట్టి తిరిగి పెట్టడం. దీనికీ డ్రెయిన్ సమస్యకూ తేడా ఎలాగంటే, జాలీ తడి వల్ల పడే చుక్కలు ఏసీ వేసిన కొత్తలోనే పడి, కొద్దిసేపటికి వాటంతట అవే ఆగిపోతాయి. డ్రెయిన్ మూసుకుంటే మొదట ఏమీ ఉండదు, లోపలి ట్రే నిండాక కారడం మొదలై ఏసీ నడిచినంతసేపూ ఆగదు.

ఆరేలోపు ఫిల్టర్ లేకుండానే ఏసీ వేసుకోవచ్చా?

వద్దు. ఫ్యాన్ మోడ్‌లో కూడా వద్దు. జాలీ లేకపోతే గదిలోని నూగు, వెంట్రుకలు, దుమ్ము నేరుగా తడి కాయిల్ మీదికి వెళ్తాయి. జాలీని ఐదు నిమిషాల్లో కడగొచ్చు, రేకుల మధ్య దూరిన దుమ్మును మాత్రం ఇంట్లో తీయలేం, సర్వీసు చేయించాల్సిందే. ఏసీ తప్పనిసరైన రోజుల్లో ఆ గది ఖాళీగా ఉండే వేళ చూసి కడగండి. ఒకే మోడల్‌కు రెండో జత జాలీలు దొరికితే కొనిపెట్టుకోవడం ఇంకా సుఖం: ఒకటి ఆరుతుంటే ఒకటి ఏసీలో ఉంటుంది.

ముసురు రోజుల్లో ఆరడమే లేదు. ఏం చేయాలి?

ఆ రోజుల్లో వ్యాక్యూమ్‌తోనో మెత్తటి బ్రష్‌తోనో పొడిగా శుభ్రం చేసి సరిపెట్టండి, జిడ్డు లేకపోతే అది చాలు. కడగక తప్పకపోతే తువ్వాలు మీద బాగా తట్టి, గదిలోనే టేబుల్ ఫ్యాన్ ముందు నిలబెట్టండి. బాత్రూమ్‌లో వదిలేస్తే రేపటికీ ఆరదు.

తిరిగి పెట్టేటప్పుడు ఏం చూసుకోవాలి?

కొన్ని ఏసీల్లో ఎడమ, కుడి జాలీలు వేరువేరు ఆకారంలో ఉంటాయి. బలవంతంగా నెట్టాల్సి వస్తోందంటే పక్క మారిందనో, తలకిందులైందనో అర్థం. పై అంచును గాడిలోకి నెట్టి, కింది కొక్కేలు వాటి స్థానంలో పడేదాకా నొక్కండి. వల ఎక్కడా ఉబ్బకుండా కాయిల్ వంపుకు అనుగుణంగా కూర్చోవాలి. ప్యానెల్ మూశాక ఒక మూల లేచి ఉన్నా, ఏసీ వేయగానే గలగల శబ్దం వచ్చినా జాలీ సరిగ్గా పడలేదు. కనిపించని తప్పు ఇంకొకటుంది: జాలీకీ గాడికీ మధ్య సందు మిగిలితే గాలి అడ్డు లేని ఆ దారినే పోతుంది. తర్వాతి సారి జాలీ తీసినప్పుడు కాయిల్ మీద ఒక్కచోట మాత్రమే నిలువుగా దుమ్ము చార కనిపిస్తే, సందు అక్కడే.

కడిగినా ఫిల్టర్ లైటు వెలుగుతూనే ఉంది.

చాలా మోడళ్లలో ఆ లైటు దుమ్మును చూసి వెలగదు, ఏసీ నడిచిన గంటలను లెక్కబెట్టి వెలుగుతుంది. మీరు కడిగారని దానికి తెలియదు. మాన్యువల్‌లో చెప్పిన రీసెట్ బటన్ నొక్కితే లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది.

శుభ్రంగా కడిగి ఆరబెట్టాక కూడా గాలి తక్కువగా వస్తోంది, కాయిల్ మీద మంచు కడుతోంది.

జాలీ మూసుకుపోతే కాయిల్ మీదుగా గాలి తగ్గుతుంది, గాలి తగ్గితే కాయిల్ సున్నా డిగ్రీల కిందికి వెళ్లి, దాని మీది నీళ్లు గడ్డకడతాయి. ఆ మంచు ఇంకొంచెం గాలిని ఆపుతుంది. కాబట్టి శుభ్రమైన జాలీ పెట్టినా, పాత మంచు కరగకుండా ఏసీ వేస్తే తేడా కనిపించదు. కూలింగ్ ఆపి, ఫ్యాన్ మోడ్‌లో మంచు మొత్తం కరిగేదాకా నడపండి. కరిగిన నీళ్లు ఒక్కసారిగా వస్తే ట్రే పట్టక కిందికి కారొచ్చు, బట్ట పరిచి ఉంచండి. తర్వాత కూలింగ్ వేసి చూడండి. పొడి, శుభ్రమైన జాలీతో కూడా మళ్లీ మంచు కడితే అది ఇక ఫిల్టర్ వ్యవహారం కాదు. కాయిల్ గానీ బ్లోయర్ గానీ మురికి పట్టి ఉండాలి, లేదా గ్యాస్ తగ్గి ఉండాలి. టెక్నీషియన్‌ను పిలిచినప్పుడు జాలీలు కడిగాక కూడా ఇలా అవుతోందని ముందే చెప్పండి, వెతుకులాట తగ్గుతుంది.

జాలీకి చిరుగు పడింది. కుట్టుకోవచ్చా?

గోరు పట్టేంత చిరుగైనా కొత్తది వేయండి. టేపు అంటిస్తే తర్వాతి కడుగుడులో ఊడుతుంది, కుడితే వల ముడుచుకుని పక్క గళ్లు సాగుతాయి. కొనేటప్పుడు ఇండోర్ యూనిట్ పక్కన ఉన్న స్టిక్కర్ మీది మోడల్ నంబర్ పూర్తిగా చెప్పండి. ఒకే కంపెనీలో, ఒకే టన్నేజ్‌లో కూడా జాలీ కొలతలు మారుతుంటాయి.